కరెక్ట్ రిడక్షన్‌కి సున్నా మార్కులు: ఒక మిడ్ పేపర్ కేస్ స్టడీ

నేపథ్యం

మూడో సంవత్సరం సీఎస్‌ఈ పిల్లలకి నేను అల్గారిథమ్స్ చెబుతాను. మా సిలబస్‌లో ఎన్‌పీ-కంప్లీట్‌నెస్ చివరి యూనిట్. చివరి యూనిట్ సంగతి అందరికీ తెలిసిందే. ఫెస్ట్, సెలవులు, ల్యాబ్ పరీక్షలు పోగా మిగిలిన ఐదారు క్లాసుల్లో ముగించాలి. అందుకని నేను బోర్డు మీద ఒక సూత్రం రాసి పడేసేదాన్ని: "కష్టమని తెలిసిన సమస్య ఎడమ పక్క, మన సమస్య కుడి పక్క." పిల్లలు దాన్ని బట్టీ పట్టేవాళ్లు, పరీక్షలో రాసేవాళ్లు, నేను మార్కులు వేసేదాన్ని. ఆ సూత్రం ఎవరికీ ఏమీ నేర్పలేదని ఈ కేసు వచ్చేదాకా నాకు తెలియలేదు.

కేసులోని అబ్బాయి ల్యాబ్‌లో ముందుండేవాడు. కోడ్ రాయమంటే మిగతావాళ్లు సిస్టమ్ ఆన్ చేసేలోపు రాసేసే రకం. థియరీ అంటే మాత్రం విసుగు. ఎవరో గుర్తుపట్టే వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు.

రెండో మిడ్‌లో అయిదు మార్కుల ప్రశ్న ఇది: 3-శాట్ ఎన్‌పీ-కంప్లీట్ అని తీసుకుని, ఇండిపెండెంట్ సెట్ కూడా ఎన్‌పీ-కంప్లీట్ అని నిరూపించండి.

ఈ రెండు సమస్యలు కొత్తవాళ్లకి రెండు ముక్కల్లో. 3-శాట్‌లో ఒక ఫార్ములా ఇస్తారు. అందులో కొన్ని క్లాజులు ఉంటాయి, ఒక్కో క్లాజులో (x ∨ ¬y ∨ z) లాగా మూడేసి లిటరల్స్ ఉంటాయి. ప్రతి క్లాజులో కనీసం ఒకటైనా నిజమయ్యేలా వేరియబుల్స్‌కి విలువలు ఇవ్వగలమా అన్నది ప్రశ్న. క్లాజులో ఎన్ని లిటరల్స్ అయినా ఉండవచ్చంటే అదే శాట్. ఇండిపెండెంట్ సెట్‌లో ఒక గ్రాఫ్, ఒక సంఖ్య k ఇస్తారు. ఏ రెండిటి మధ్యా ఎడ్జ్ లేకుండా k వెర్టెక్సులు ఏరగలమా అన్నది ప్రశ్న. రెండిటికీ జవాబు "అవును" లేదా "కాదు". జవాబు "అవును" అయితే, ఇవిగో విలువలు, ఇవిగో వెర్టెక్సులు అని ఎవరైనా చూపిస్తే వెంటనే సరిచూసుకోవచ్చు. అలా సరిచూసుకోగలిగిన సమస్యలే ఎన్‌పీలో ఉంటాయి.

సమస్య ఎలా బయటపడింది

ఆ అబ్బాయి ఇచ్చిన గ్రాఫ్‌ని ఫార్ములాగా మార్చాడు. "i-వ ఎంపిక v అనే వెర్టెక్స్" అని చెప్పే వేరియబుల్ x_iv ఒకటి పెట్టుకున్నాడు. ప్రతి i కి ఏదో ఒక v ఉండాలని కొన్ని క్లాజులు, ఒకే వెర్టెక్స్ రెండుసార్లు రాకూడదని కొన్ని, ఎడ్జ్ ఉన్న రెండు వెర్టెక్సులు కలిసి రాకూడదని కొన్ని రాశాడు. ఆఖరి వాక్యం: "ఇండిపెండెంట్ సెట్‌ని శాట్‌గా మార్చాం. శాట్ కష్టం. కాబట్టి ఇండిపెండెంట్ సెట్ కూడా కష్టం."

నేను దిశ తప్పు అని గీత కొట్టి సున్నా వేశాను. పేపర్లు ఇచ్చిన రోజే స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. "మేడం, ఇందులో ఏ లైను తప్పో చూపించండి" అన్నాడు. కూర్చుని లైను లైనూ చూశాను. ఒక్క తప్పూ లేదు. గ్రాఫ్‌లో k వెర్టెక్సులు దొరికితే ఆ ఫార్ములా నిజమవుతుంది, దొరక్కపోతే అవదు. ఫార్ములా సైజు కూడా అదుపులోనే ఉంది. ఇలా ఒక సమస్యని ఇంకో సమస్యగా మార్చడాన్నే రిడక్షన్ అంటాం. ఆ రిడక్షన్ ముమ్మాటికీ కరెక్ట్. కాకపోతే అది నిరూపించింది ఒకటి, అతను నిరూపించాననుకున్నది ఇంకొకటి.

అతను నిరూపించింది ఇది: శాట్‌ని తొందరగా తేల్చే పద్ధతి మన దగ్గర ఉంటే ఇండిపెండెంట్ సెట్‌నీ తొందరగా తేల్చవచ్చు. ఇది పనికిమాలిన విషయమేమీ కాదు. శాట్ సాల్వర్లతో పనిచేసేవాళ్లు రోజూ చేసేది ఇదే. కానీ ఇండిపెండెంట్ సెట్ కష్టమా తేలికా అన్నదాని గురించి ఇది ఏమీ చెప్పదు. 1971లో స్టీఫెన్ కుక్ చూపించింది, ఎన్‌పీలో ఉన్న ఏ సమస్యనైనా శాట్‌గా మార్చవచ్చనే. అంటే శాట్ వైపు వెళ్లే బాణం ఎన్‌పీలోని ప్రతి సమస్యకీ, ఎంత తేలికైనదానికైనా, పుట్టుకతో వచ్చేదే.

ఇక్కడ నా తప్పూ ఒకటి ఒప్పుకోవాలి. ఎన్‌పీ-కంప్లీట్ అని చూపడానికి రెండు ముక్కలు కావాలి: సమస్య ఎన్‌పీలో ఉండాలి, ఎన్‌పీలోని మిగతా వాటన్నిటికీ తీసిపోనంత కష్టమైనదై ఉండాలి. అతని రిడక్షన్ మొదటి ముక్కని నిరూపిస్తుంది. నా స్కీమ్‌లో దానికి ఒక మార్కు ఉంది. సున్నాని ఒకటి చేశాను.

ఏం చెప్పి చూశాను, ఎందుకు కుదరలేదు

మొదట "బాణం తిప్పు" అన్నాను. మర్నాడు తిప్పి తెచ్చాడు. పై లైనులో 3-SAT ≤p IND-SET అని రాశాడు. కింద మాత్రం అక్షరం మారలేదు, అదే గ్రాఫ్‌ని అదే ఫార్ములాగా మార్చడం. అతని దృష్టిలో బాణం అంటే పైన రాయాల్సిన ఒక శీర్షిక. నా బోర్డు సూత్రం అతనికి నేర్పింది సరిగ్గా అంతే.

రెండోసారి "కష్టం" అనే మాటతో వివరించబోయాను. A ≤p B అంటే B కనీసం A అంత కష్టం అని చెప్పాను. ఆ వాక్యం తిరిగి అప్పజెప్పాడు, తప్పు లేకుండా. ఆ తర్వాత, "నా సమస్య చివరికి కష్టమైన సమస్యగా మారిందంటే ముందు నుంచీ కష్టమైనదే కదా మేడం?" అని అడిగాడు. అసలు చిక్కు అక్కడుందని అప్పుడర్థమైంది. అతనికి దిశ మర్చిపోవడం సమస్య కాదు. కష్టం అనేది ఒక సమస్య నుంచి ఇంకోదానికి వెనక్కి పాకుతుందని నమ్ముతున్నాడు. ఆ నమ్మకం ఉన్నంతసేపూ, సరైన దిశ ఎన్నిసార్లు చెప్పినా అది బట్టీయమే.

నమ్మకాన్ని వాదించి తీసేయడం కష్టం. దాన్నే వాడి ఒక అబద్ధం నిరూపించేలా చేస్తే అదే పడిపోతుందని అనిపించింది.

పనిచేసింది

"టూ-కలరింగ్ తెలుసు కదా?" అన్నాను. ఒక గ్రాఫ్ వెర్టెక్సులకి రెండే రంగులు వేయాలి, ఎడ్జ్ రెండు చివరలా ఒకే రంగు ఉండకూడదు. రెండో సంవత్సరం ల్యాబ్‌లో బీఎఫ్‌ఎస్‌తో రాసే ప్రోగ్రామే. దాన్ని శాట్‌గా మార్చమన్నాను. రెండు నిమిషాలు పట్టలేదు. ప్రతి వెర్టెక్స్‌కి ఒక వేరియబుల్, ప్రతి ఎడ్జ్ uv కి రెండు క్లాజులు: (u ∨ v), (¬u ∨ ¬v).

"బాగుంది. ఇప్పుడు నీ మిడ్ పేపర్లో ఆఖరి వాక్యం ఉంది కదా, దాన్ని దీని కింద రాయి."

"టూ-కలరింగ్‌ని శాట్‌గా మార్చాం, శాట్ కష్టం, కాబట్టి టూ-కలరింగ్..." అని రాస్తూ పెన్ను ఆపాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే పిచ్చుక బలమైనదని కాదు కదా మేడం" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆ మాట ఇప్పుడు నా క్లాసులో అప్పు తెచ్చుకుని వాడుకుంటున్నాను.

కానీ ఏది తప్పో తెలిసినంత మాత్రాన ఏది సరైనదో రాయడం రాదు. అతను కోడ్ మనిషి కాబట్టి ఈ మూడు లైన్లు రాసిచ్చాను:

```python
def sat(formula):
    G, k = f(formula)
    return ind_set(G, k)
```

`ind_set` ఎవరో రాసిచ్చిన ఫంక్షన్ అనుకోమన్నాను. లోపల ఏముందో మనకి తెలియదు, కానీ ఏ గ్రాఫ్ ఇచ్చినా తొందరగా సరైన జవాబు చెబుతుంది. "నువ్వు రాయాల్సింది `f` ఒక్కటే. దానికి ఏం ఇస్తున్నాం? ఏం తిరిగి రావాలి?" ఫార్ములా లోపలికి, గ్రాఫ్ బయటికి. గ్రాఫ్‌తో మొదలుపెట్టడానికి ఇక్కడ వీల్లేదు, ఎందుకంటే చేతిలో గ్రాఫే లేదు. దిశ గుర్తుపెట్టుకోవాల్సిన పని పోయింది. ఈ మూడు లైన్లు నడిస్తే శాట్ తొందరగా తేలిపోయినట్టే. శాట్‌కి అలాంటి పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు కాబట్టి, ఆ `ind_set` దొరకడం కూడా అంతే అరుదు. రిడక్షన్ చెప్పే మాట ఇదే.

రెండో తప్పు

రెండు రోజులకి `f` రాసుకొచ్చాడు. ఫార్ములాలో లిటరల్ కనిపించిన ప్రతిచోటికీ ఒక వెర్టెక్స్. ఎక్కడైనా x, ఇంకెక్కడైనా ¬x ఉంటే వాటి మధ్య ఎడ్జ్. k అంటే క్లాజుల సంఖ్య. ఫార్ములాని నిజం చేసే విలువలు ఉన్నాయనుకో, ప్రతి క్లాజు నుంచీ నిజమైన లిటరల్ ఒకటి ఏరుకో. x, ¬x రెండూ ఒకేసారి నిజం కావు కాబట్టి ఏరినవాటి మధ్య ఎడ్జ్ ఉండదు. k వెర్టెక్సులు వచ్చేశాయి. దిశ సరైనదే, రాసిన రుజువులోనూ తప్పు లేదు. అయిదారు ఫార్ములాలతో నడిపి చూశానని కూడా చెప్పాడు.

"ఆ ఫార్ములాల్లో జవాబు 'కాదు' రావాల్సినవి ఎన్ని?" అని అడిగాను. ఒక్కటీ లేదు.

పిల్లల టెస్టులన్నీ ఇలాగే ఉంటాయి. పనిచేయాల్సిన చోట పనిచేస్తోందా అని చూస్తారు, పనిచేయకూడని చోట ఏం చేస్తోందో చూడరు. చేత్తో గీయడానికి వీలుగా రెండేసి లిటరల్స్‌తో ఒక చిన్న ఫార్ములా ఇచ్చాను:

(x ∨ y) ∧ (x ∨ ¬y) ∧ (¬x ∨ y) ∧ (¬x ∨ ¬y)

x, y లకి ఏ విలువలిచ్చినా నాలుగు క్లాజుల్లో ఏదో ఒకటి అబద్ధమవుతుంది. కాబట్టి రావాల్సిన జవాబు "కాదు". అతని గ్రాఫ్‌లో ఎనిమిది వెర్టెక్సులు, k = 4. మొదటి క్లాజులోని x, y రెండూ తీసుకో. రెండో క్లాజులోని x, మూడో క్లాజులోని y తీసుకో. మొత్తం నాలుగు. ఎక్కడా ¬ లేదు కాబట్టి ఎడ్జ్ కూడా లేదు. అతని ప్రోగ్రామ్ "అవును" అంటుంది.

లోపం ఎక్కడో అతనే పట్టుకున్నాడు. ఒక క్లాజు నుంచి రెండు ఏరి, నాలుగో క్లాజుని వదిలేసింది. ఒక క్లాజు నుంచి ఒకటికి మించి ఏరకుండా ఆపాలి. అందుకని ఒకే క్లాజులోని లిటరల్స్‌ని కూడా ఒకదానితో ఒకటి కలిపాడు. మూడు లిటరల్స్ ఉన్న క్లాజైతే త్రిభుజం వస్తుంది. ఇప్పుడు వెనక్కి చూడు: k వెర్టెక్సులు దొరికాయంటే, క్లాజుకి ఒకటి మించకూడదు కాబట్టి ప్రతి క్లాజు నుంచీ సరిగ్గా ఒకటి వచ్చింది. వాటిలో x, ¬x జంట లేదు. వాటన్నిటినీ నిజం చెయ్యి, మిగిలిన వేరియబుల్స్‌కి ఏదో ఒక విలువ ఇయ్యి. ఫార్ములా నిజమైంది. ముందుకి వెళ్లే రుజువు కొత్త ఎడ్జుల తర్వాతా చెల్లుతుంది, ఎందుకంటే మనం క్లాజుకి ఒకటే ఏరాం.

రెండు వైపులా ఎందుకు కావాలన్నది ఆ మూడు లైన్ల కోడ్‌లోనే ఉంది. `ind_set` ఏం చెబితే `sat` అదే చెబుతుంది, మధ్యలో సరిచూసేవాళ్లు లేరు. అతని మొదటి `f`తో "కాదు" వస్తే నమ్మవచ్చు, "అవును" వస్తే మాత్రం దానికి ఏ విలువా లేదు.

సైజు లెక్క తొందరగానే తేలింది. m క్లాజులుంటే 3m వెర్టెక్సులు. ప్రతి జంటనీ ఒకసారి చూసి ఎడ్జ్ పెట్టాలా వద్దా తేల్చుకుంటే చాలు, అంటే సుమారు m² కి అనుపాతంలో పని. మనం తొందరగా అంటున్నది పాలినోమియల్ కాలాన్నే. `ind_set` పాలినోమియల్ కాలంలో నడిస్తే మొత్తం `sat` కూడా పాలినోమియల్ కాలంలోనే నడుస్తుంది.

ఆఖరి వాక్యం, ఒక మంచి ప్రశ్న

అంతా బాగా రాసి చివర్న "కాబట్టి ఇండిపెండెంట్ సెట్‌కి పాలినోమియల్ అల్గారిథమ్ లేదు" అని ముగించాడు. అది కొట్టేశాను. లేదని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. 3-శాట్‌కి లేకపోతే దీనికీ లేదు, అంతవరకే మనం చెప్పగలిగేది. ఇది అందరూ చేసే తప్పే కాబట్టి పెద్దగా ఆగలేదు. ఆగింది అతను అడిగిన ప్రశ్న దగ్గర.

"మేడం, గ్రీడీ యూనిట్‌లో యాక్టివిటీ సెలెక్షన్ చేశాం కదా. ఫంక్షన్ హాల్‌కి వచ్చిన బుకింగుల్లో ఒకదాని మీద ఒకటి పడకుండా వీలైనన్ని ఎక్కువ తీసుకోవడం. ఒక్కో బుకింగ్ ఒక వెర్టెక్స్, టైమ్ కలిసిపోతే ఎడ్జ్. అది ఇండిపెండెంట్ సెట్టే. ముగిసే టైమ్ ప్రకారం సార్ట్ చేసి తేల్చేశాం. మరి ఇది ఎన్‌పీ-కంప్లీట్ ఎలా అవుతుంది?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అడగాల్సిందని నాకూ తోచలేదు. జవాబులో ఒక ముక్క పాతదే: బుకింగ్ సమస్యని ఇండిపెండెంట్ సెట్‌గా మార్చడమంటే మళ్లీ పిచ్చుక, బ్రహ్మాస్త్రం. రెండో ముక్క మాత్రం చూడదగ్గది. `f` బయటికిచ్చే గ్రాఫులు బుకింగ్ గ్రాఫుల్లా ఉంటాయా?

మన నాలుగు క్లాజుల గ్రాఫ్‌నే తీసుకోమన్నాను. x మొదటి రెండు క్లాజుల్లో ఉంది, ¬x చివరి రెండిట్లో ఉంది. ఈ నాలుగు వెర్టెక్సుల్లో ప్రతి x కీ ప్రతి ¬x తో ఎడ్జ్ ఉంది. రెండు x ల మధ్య లేదు, రెండు ¬x ల మధ్యా లేదు. అంటే మధ్యలో అడ్డగీత లేని చతురస్రం. దీన్ని నాలుగు బుకింగులుగా వేయగలవేమో చూడు. రెండు x బుకింగులు ఒకదానితో ఒకటి కలవకూడదు కాబట్టి ఒకటి ముగిశాకే రెండోది మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ వస్తుంది. ఒక్కో ¬x బుకింగ్ ఆ రెండిటినీ తాకాలి కాబట్టి ఆ ఖాళీ అంతా కప్పాలి. రెండు ¬x లూ అదే ఖాళీని కప్పితే వాటికవే కలిసిపోతాయి. కానీ వాటి మధ్య ఎడ్జ్ లేదు. కుదరదు.

కాగితం మీద గీతలు గీసుకుంటూ చాలాసేపు ప్రయత్నించాడు. గంటలు జరిపాడు, పొడుగు చేశాడు. చివరికి ఊరుకున్నాడు. ఫంక్షన్ హాల్ సమస్యలో ఇలాంటి చతురస్రాలు రానే రావు, గ్రీడీకి ఆ వెసులుబాటు ఉంది. ఎన్‌పీ-కంప్లీట్ అని మనం అన్నది ఏ గ్రాఫ్ ఇచ్చినా జవాబు చెప్పాల్సిన సమస్యని. అందులోంచి కొన్ని గ్రాఫుల్ని విడదీసి తీసుకుంటే అవి తేలిక కావచ్చు. ఇంకేదైనా తెలివైన `f` తో ఫార్ములాని బుకింగుల్లోకి మార్చవచ్చేమో అని అడిగాడు. పాలినోమియల్ కాలంలో మార్చగలిగితే సార్టింగ్‌తోనే శాట్ తేలిపోతుంది, అంటే పాలినోమియల్ కాలంలో తేలే సమస్యలుండే పీ, ఎన్‌పీ ఒకటే అయిపోతాయి. "ప్రయత్నించు, దొరికితే ముందు నాకు చెప్పు" అన్నాను.

ఈ కేసు తర్వాత మార్చినవి

బోర్డు సూత్రం మానేశాను. యూనిట్‌ని టూ-కలరింగ్‌ని శాట్‌గా మార్చడంతో మొదలుపెడతాను. ఎవరో ఒకరు "అయితే టూ-కలరింగ్ కష్టమే" అనేదాకా ఆగుతాను, సాధారణంగా ఎక్కువసేపు ఆగాల్సిన పని ఉండదు. మిడ్ ప్రశ్నలో ఇప్పుడు రెండు కొత్త భాగాలున్నాయి: `f` కి ఏం వెళ్తుందో, ఏం వస్తుందో రాయాలి, జవాబు "కాదు" అయ్యే ఒక ఫార్ములా మీద `f` నడిపి చూపించాలి. దిద్దడానికి టైమ్ ఎక్కువే పడుతోంది. కానీ బట్టీ పట్టినవాళ్లు మొదటి భాగంలోనే తెలిసిపోతారు.

తర్వాతి బ్యాచ్‌లో ఒక అమ్మాయి రెండు భాగాలూ తప్పులేకుండా రాసింది. ఆమె `f` ముందుగా ట్రూత్ టేబుల్ మొత్తం వేసి, ఫార్ములా నిజమవుతుందో లేదో తేల్చేస్తుంది. అవుతుందంటే ఒకే వెర్టెక్స్ ఉన్న గ్రాఫ్, k = 1 ఇస్తుంది. అవదంటే అదే గ్రాఫ్, k = 2 ఇస్తుంది. ఫార్ములా లోపలికి, గ్రాఫ్ బయటికి, రెండు వైపులా సరిగ్గా సరిపోయింది. కాకపోతే n వేరియబుల్స్‌కి 2ⁿ వరుసలున్న టేబుల్ వేస్తోంది. కష్టమంతా `f` లోనే అయిపోయింది, `ind_set` కి చేయడానికి ఏమీ మిగల్లేదు. మార్కులు ఎన్ని వేయాలో తేల్చుకోలేక ఆమెని స్టాఫ్ రూమ్‌కి పిలిచాను.